అప్పగింతల పాట కాకుండా



హనుమకొండలో ఒక కుర్ర దర్శకుడు పదిహేను నిమిషాల పొట్టి సినిమా ఒకటి తీస్తూ నన్ను పాట రాయమని అడిగాడు. కథ చిన్నదే. మన జిల్లాలోనే ఒక ఊరు. పత్తి, మిరప పండించే ఇల్లు. పెద్దబిడ్డకు హైదరాబాదులో నర్సింగ్ కాలేజీలో సీటొచ్చింది. పొద్దున మొదటి బస్సుకు బయలుదేరుతుంది. ఆ బయలుదేరడమే పాట. ఒక పల్లవి, రెండు చరణాలు, మొత్తం కలిపి రెండు నిమిషాల చిల్లర. "బాగా ఏడిపించాలి సార్" అన్నాడు.

ఆ ఒక్క మాటలోనే గోతి ఉంది. పిల్ల ఇల్లు విడిచిపోయే సన్నివేశం అనగానే తెలుగులో కలం దానంతటదే ఒక దారి పట్టేస్తుంది. అది అప్పగింతల దారి. తల్లి కన్నీరు, తండ్రి మౌనం, తులసికోట, కట్టుగొయ్య దగ్గర లేగదూడ, ఇక ఈ గడప పరాయిది అన్న మాట. తరతరాలుగా పెళ్లిళ్లలో పాడుకున్న సరుకు కనుక అడగకపోయినా వచ్చి వాలుతుంది. బాణీ కూడా దానికి తగ్గట్టే జోల పాడుతున్నట్టు నెమ్మదిస్తుంది. కానీ ఈ పిల్ల కాపురానికి పోవడం లేదు, చదువుకు పోతున్నది. దసరా సెలవులకు మళ్లీ వస్తుంది. ఆమె గెలిచి పోతున్నది. ఇంట్లో అందరికీ సంతోషమే, అందరికీ గొంతులో ఏదో అడ్డం పడుతున్నది. ఈ రెండూ కలిసిన చోట పాట ఉండాలి.

దీనికి నేనొక పరీక్ష పెట్టుకుంటాను. రాసిన పాటను ఊహలో ఒక పెళ్లి వీడియో మీద వేసి చూడాలి. అతికినట్టు సరిపోయిందంటే ఆ పాట మన సినిమాది కాదు. కాగితం చింపెయ్యడమే.

రాసే ముందు దర్శకుణ్ణి అడగాల్సిన మొదటి ప్రశ్న "ఏ భావం కావాలి" అని కాదు, "ఎవరు పాడుతున్నారు, ఎవరితో పాడుతున్నారు" అని. తెలంగాణ పాటల్లో ఖాళీ అవుతున్న ఊరి గురించి చాలా విన్నాం. గోరటి వెంకన్న గారు 2002లో 'కుబుసం' సినిమాకు రాసిన పాటలో ఊరికే దుఃఖం వస్తుంది, చేతివృత్తులన్నీ వరుసగా కళ్ల ముందు కదులుతాయి. అది ఊరి వైపు నుంచి చూసిన చూపు. మన పాటలో పోయేది ఒక్క పిల్ల, మాట్లాడాల్సింది కూడా ఆ పిల్లే. తెర మీద ఆమె పెదవులు కదలవు, పాట వెనక వినిపిస్తుంది. అంటే అవ్వ ముందు నిలబడి ఆమె బయటికి అనలేకపోయిన మాటలే పాట. తనతో తాను కాదు, అవ్వతోనే మాట్లాడుతున్నది. ఈ సంగతి తేలితే సగం పాట తేలినట్టే. ఇది తేలకుండా రాస్తే మొదటి చరణంలో పిల్ల, రెండో చరణంలో కవి, చివర్లో ఊరి పెద్దమనిషి మాట్లాడటం మొదలుపెడతారు.

ఇక బాణీ. సినిమా పాటకు మామూలుగా బాణీ ముందు వస్తుంది, మాట తర్వాత. సంగీతం చేసే అబ్బాయి ఫోన్‌లో పాడి పంపిన వరుస ఇలా ఉంది: తాన తాన తాన తా. అంతే. "తాన" అంటే మూడు మాత్రలు. "తా" పొడుగు కనుక రెండు, "న" పొట్టి కనుక ఒకటి. ఒత్తు అక్షరానికి ముందున్న అక్షరాన్ని కూడా రెండుగానే లెక్కపెట్టాలి. సున్నా ఉన్న అక్షరమూ అంతే. పంక్తికి నాలుగు దెబ్బలు, దెబ్బకు మూడు మాత్రలు, మొత్తం పన్నెండు. చివరి "తా" దగ్గర ఒక మాత్ర ఖాళీ, అక్కడ గొంతు సాగుతుంది లేదా ఊపిరి తీసుకుంటుంది. దీన్ని తిశ్ర గతి అంటారు. మన డప్పు నడక చాలా వరకు ఇదే. నేను బతిమాలి మరీ ఈ వరుస తీసుకున్నాను. ఎందుకంటే అతను మొదట పంపింది మిశ్ర గతి, ఏడు మాత్రలది. బాణీగా చూస్తే అదే అందమైనది. కానీ మూడూ నాలుగూ ఊగుతుంటే ఉయ్యాల గుర్తొస్తుంది, ఉయ్యాల వెంట జోల, జోల వెంట అప్పగింత. మూడు మూడుగా పోతే కాళ్లు కదులుతాయి. ఈ పిల్ల బస్సు అందుకోవాలి.

పల్లవి ఇలా కుదిరింది.

పోయి వస్తనవ్వ నే
పొద్దుగాల బస్సుకే
గొళ్ళెమెయ్యకవ్వ నువ్వు
గునుగు పూల నాటికే

చప్పట్లు కొడుతూ చదవండి. పోయి, వస్త, నవ్వ, నే. పొద్దు, గాల, బస్సు, కే. ప్రతి ముక్కా మూడు. చివర "నే", "కే" దగ్గర సాగదీసుకునే చోటుంది. మూడో పంక్తి మాత్రం నిండుగా పన్నెండు. గొళ్ళె, మెయ్య, కవ్వ, నువ్వు. అక్కడ సాగదీయడానికి ఏమీ లేదు, ఊపిరికి కూడా చోటు లేదు. నాలుగు ముక్కల్లోనూ ఒత్తు ఉంది. పాడే అమ్మాయి మొదటిసారి అక్కడ తడబడింది. "సార్, ఇది నోట్లో పడటం లేదు" అన్నది. మార్చలేదు. ఆ పంక్తిలో ఆమె అవ్వను తొందరపెడుతున్నది. మిగిలిన మూడు పంక్తులు మెత్తగా సాగుతుంటే ఇదొక్కటి తలుపు మీద తట్టినట్టు ఉండాలి. రెండో పంక్తి చివర ఆ ఒక్క మాత్రలో నిండుగా ఊపిరి తీసుకుంటే సరిపోతుందని ఆమెకు చెప్పాను. సరిపోయింది.

ఇప్పుడు అర్థం. నాలుగో పంక్తి దగ్గర వాక్యం పూర్తి కాలేదు, గమనించారా? "గునుగు పూల నాటికే" అంటే ఏమిటి, ఏం జరుగుతుంది? సమాధానం మళ్లీ మొదటి పంక్తిలో ఉంది. గునుగు పూల నాటికే పోయి వస్తనవ్వ నే. పల్లవి తిప్పి పాడితేనే మాట పూర్తవుతుంది. పల్లవి ఎలాగూ పాటలో నాలుగైదు సార్లు వస్తుంది. ఊరికే తిరిగి రావడం వేరు, తిరిగి రావాల్సిన అవసరం ఉండి రావడం వేరు. పల్లవి చివరి పంక్తి మొదటి పంక్తిని చేయిపట్టి లాగాలి. లాగకపోతే మూడోసారికి వినేవాడు ఫోన్ చూసుకుంటాడు.

గునుగు ఎందుకంటే, ఆమె పోయేది వానకాలం మొదట్లో. గునుగు చేలల్లో దానంతటదే మొలిచి, బతుకమ్మ నాటికి పూస్తుంది. బతుకమ్మ అంటే ఆడబిడ్డలు ఇంటికొచ్చే పండుగ. "దసరాకు వస్తా" అంటే తేదీ చెప్పినట్టు ఉంటుంది. గునుగు అంటే అవ్వ రోజూ చేనుకు పోతూ చూసే మొక్క. అది ఎదుగుతుంటే బిడ్డ రాక దగ్గరపడుతున్నట్టు. పైగా "గునుగు" అనే మాట మూడు పొట్టి అక్షరాలు, తాళంలో మూడు చిన్న అడుగులు వేస్తుంది. కుదిరిన మాట అంటే అదే, అర్థమూ లయా ఒకేచోట దొరికినప్పుడు వదలకూడదు.

తంగేడు పెట్టొచ్చు కదా అన్నారు ఒకరు. పెట్టొచ్చు. కానీ తంగేడు ఇప్పటికే చాలా పాటలు మోసి అలసిపోయింది.

పల్లవికి ఒక్క ఊహ చాలు. చరణానికి వస్తువులు కావాలి. దర్శకుడికి కెమెరా పెట్టడానికి ఏదైనా కనబడాలి. "గుండెలోని గూడు చెదిరె" అని రాస్తే అతను ఏం తీస్తాడు? పిచ్చుక గూడు తీసుకొచ్చి పెడతాడు పాపం. మన పాత వరంగల్ జిల్లా చిట్యాల మండలం చల్లగరిగలో పుట్టిన చంద్రబోస్ గారి పాటకు 2023లో ఆస్కార్ వచ్చింది. అంతా ఆ నాట్యం గురించే మాట్లాడారు గానీ, ఆ చరణాల నిండా ఉన్నవి పొలం దుమ్ము, జాతర, చెప్పుల చప్పుడు, జొన్నరొట్టె, మిరప తొక్కు. అదీ తిశ్ర గతే. ఊపు తాళానిది, కానీ కళ్లకు కనబడేది వస్తువే.

మన మొదటి చరణం ఇంటి నుంచి బస్సు దాకా. ఆరు పంక్తులు.

సద్ది మూట నువ్వు గడితె
సల్ల మిరపకాయలెడితె
నాయ్న మడత నోటు వెట్టి
అరక దోల నడిచి పాయె
సైకిలింక సెల్లెదాయె
సీటు కిటికి పక్కదాయె

మొదటి రెండు పంక్తుల దగ్గర ఒక చిక్కుంది. చెవికి సులువుగా వచ్చే ప్రాస "సద్ది గట్టి, మిరపకాయలెట్టి, నోటు వెట్టి". మూడు "ట్టి"లు వరుసగా పడితే పాడటానికి హాయిగా ఉంటుంది. కానీ వాక్యం చూడండి. గట్టి, పెట్టి, వెట్టి, నడిచి పాయె. అంటే సద్ది గట్టింది కూడా నాయినే అయిపోయాడు. అవ్వ పాటలోంచే మాయమైంది. ప్రాస కోసం పరుగెత్తితే పాటలో ముందుగా తప్పిపోయేది కర్త. కాగితం మీద కనబడదు, బాణీలో అసలే వినబడదు, తెర మీద బొమ్మ వేసినప్పుడు బయటపడుతుంది. అందుకే "నువ్వు గడితె" అని తల్లిని ఎదురుగా నిలబెట్టాలి. నువ్వు సద్ది గడితే, నాయిన నోటు పెట్టి వెళ్లిపోయాడు. ఇద్దరు మనుషులు, రెండు తీర్లు. "గడితె", "లెడితె" అనే జంటలోనూ చిన్న ప్రాస ఉంది, అది చాలు.

నాయిన బస్టాండుకు రాలేదు. రాసేటప్పుడు నాకు కష్టమైన చోటు ఇదే. తండ్రి కళ్లు తుడుచుకోవడం, తువ్వాల అడ్డం పెట్టుకోవడం వద్దనుకున్నాను. మా దిక్కు చాలామంది తండ్రులు ఇలాంటి పొద్దున ఏం చేస్తారు? పనికి పోతారు. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన నోటు తీసి చేతిలో పెట్టి, మాట మాట్లాడకుండా ఎడ్ల దగ్గరికి నడుస్తారు. దర్శకుడికి ఒక అనుమానం వచ్చింది. "ఇంకా అరకలెక్కడున్నయి సార్, అంతా ట్రాక్టరే కదా" అన్నాడు. దున్నకానికి ట్రాక్టరే. కానీ పత్తి మొలిచాక సాళ్ల మధ్య గుంటుక తోలాలంటే చాలా ఊళ్లలో ఇంకా ఎడ్లే కావాలి. వానకాలం మొదట్లో ఆ పని ఆపితే గడ్డి మీద పడుతుంది. నాయినకు నిజంగా పని ఉంది. నిజంగా ఉన్న పని వెనక దాక్కున్నాడు కాబట్టే ఆ పంక్తి నిలబడింది.

చివరి రెండు పంక్తులే చరణానికి కీలు. సైకిలు ఇక చెల్లెలిది. ఇన్నాళ్లూ బడికి తొక్కిన సైకిలు ఒక్క పొద్దున చేతులు మారింది. ఎవరూ ఏడవలేదు, చెల్లె సంబరపడి ఉంటుంది కూడా. కానీ ఇంట్లో అక్క జాగా కొంచెం తగ్గింది. వెంటనే "సీటు కిటికి పక్కదాయె". ఒక సీటు పోయింది, ఒక సీటు వచ్చింది. కాలేజీలో దొరికిందీ సీటే, బస్సులో దొరికిందీ సీటే. ఈ శ్లేష విన్నవాళ్లకు అందితే సరే, అందకపోయినా బస్సు సీటుతో పాటకు లోటు లేదు. శ్లేష అలాగే ఉండాలి, వివరిస్తేనే అర్థమయ్యేదైతే తీసేయాలి.

చరణం పంక్తులన్నీ పొట్టి అక్షరంతో ముగుస్తాయి. పల్లవిలోలాగా సాగదీతలు లేవు. ఒకదాని వెంట ఒకటి తోసుకొస్తాయి. అలా వచ్చి వచ్చి "పక్కదాయె" దగ్గర ఆగి, "పోయి వస్తనవ్వ నే" అని పల్లవిలోకి దిగగానే గొంతు మళ్లీ సాగుతుంది. ఆ తేడా వల్లనే పల్లవి ఇంటికొచ్చినట్టు వినిపిస్తుంది.

కాలం లెక్క కూడా చెప్పాలి, పొట్టి సినిమాలో పాట చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. నిమిషానికి 96 దెబ్బల వేగం పెట్టుకున్నాం. పంక్తికి నాలుగు దెబ్బలు కనుక పంక్తి రెండున్నర సెకన్లు. పల్లవి పది సెకన్లు, రెండుసార్లు పాడితే ఇరవై. చరణంలో మొదటి నాలుగు పంక్తులు రెండేసిసార్లు పాడి, చివరి రెండు ఒక్కసారి పాడితే ఇరవై అయిదు సెకన్లు. మొదట్లో వాయిద్యం పది, చరణాలకు ముందు పదేసి, మధ్యలో పల్లవి ఒకసారి, చివర రెండుసార్లు. అంతా కూడితే రెండు నిమిషాల పది సెకన్లు. చరణానికి ఇంకో రెండు పంక్తులు పెడదామని చెయ్యి దురద పెడుతుంది. పెడితే ఎడిటింగులో ఎక్కడో ఒకచోట కోస్తారు, కోసేది సరిగ్గా నీకు ఇష్టమైన పంక్తినే. అందుకే ముందే ఆరు దగ్గర ఆగడం మంచిది.

రెండో చరణం దారి, పట్నం. ఇక్కడ ఊళ్ల పేర్లు వస్తాయి. ఊళ్ల పేర్లు తాళానికి అంత సులువుగా లొంగవు. హైదరాబాద్ తీసుకోండి. హై, ద, మూడు మాత్రలు బాగానే ఉంది. తర్వాత రా, బాద్ అని రెండు పొడుగులు పక్కపక్కనే పడతాయి. మూడు మాత్రల గదిలో రెండు పొడుగులు పట్టవు. పాడేవాళ్లు "రా"ను కుదించి "హైదర్‌బాద్" అనేస్తారు. జనగామ కూడా కష్టమే, జన రెండు, గామ మూడు. భువనగిరి చూడండి, అన్నీ పొట్టి అక్షరాలు. "భువన, గిరిని" అని మూడూ మూడుగా పరుగెత్తుతుంది. ఉప్పల్ పక్కన "వచ్చె" చేరిస్తే "ఉప్ప, లొచ్చె" అయి కూర్చుంటుంది. హనుమకొండ నుంచి పోయే బస్సులకు పట్నం మొదట తగిలేది ఉప్పల్ దగ్గరే, కాబట్టి నిజానికి కూడా లోటు రాలేదు. అన్నట్టు వరంగల్ కంటే ఓరుగల్లు అనే పేరే పాటల్లో ఎక్కువ వినిపించడానికి చరిత్ర ఒక్కటే కారణం కాదేమో. ఓరు, గల్లు. తాన, తాన. ఊరికే వచ్చి కూర్చుంటుంది.

జీరొ టికెటు చేతికిచ్చె
భువనగిరిని బస్సు దాటె
ఉప్పలొచ్చె ఊరు పాయె
ఆరుగురికి అద్దమొకటె
నాయ్న నోటు సంచిలోనె
మడత గూడ విప్పలేదె

జీరో టికెట్ గురించి వేరే చెప్పక్కర్లేదు. 2023 డిసెంబర్ 9 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు. ఆధార్ చూపిస్తే కండక్టర్ సున్నా రూపాయల టికెట్ చింపి ఇస్తాడు. ఇది పాటలోకి రావడం చూసి ఒకరిద్దరు మొహం చిట్లించారు. ప్రభుత్వ ప్రకటనలా ఉండదా అన్నారు. ఉండదు, ఎందుకంటే ఆ టికెట్ ఇక్కడ కథ నడుపుతున్నది. నాయిన నోటు ఇచ్చింది దారి ఖర్చులకే. టికెట్‌కు డబ్బు పడలేదు కనుక నోటు మిగిలింది. మిగిలిన నోటును ఆమె పట్నంలో కూడా ఖర్చు పెట్టలేదు. మొదటి చరణంలో మడత నోటు పెట్టింది ఈ పంక్తి కోసమే. ఒక వస్తువును మొదటి చరణంలో ఇచ్చి, రెండో చరణంలో మళ్లీ చూపిస్తే, ఆ రెంటి మధ్య గడిచిన కాలం చెప్పకుండానే తెలుస్తుంది. "నాయిన యాదికొస్తుండు" అని రాస్తే ఒక పంక్తి ఖర్చు, ఏమీ కనబడదు. విప్పని మడత కనబడుతుంది.

"ఆరుగురికి అద్దమొకటె" అన్నది హాస్టల్ గది. హాస్టల్ అనే మాట వాడలేదు, గది అనీ అనలేదు. ఒక అద్దం ముందు ఆరుగురు అమ్మాయిలు పొద్దున జడలేసుకుంటుంటే అది ఏ చోటో వేరే చెప్పాలా? దర్శకుడు ఈ బొమ్మ తీసినప్పుడు మధ్యలో ఒకమ్మాయి మన పిల్లను జరిపి ముందుకు రావడం పెట్టాడు. అది నా కాగితం మీద లేదు. బాగుంది.

భాష గురించి ఒక మాట. "వస్తనవ్వ", "పాయె", "సెల్లె", "దోల" అని మన ఇంటి మాటలోనే రాశాను. గుంటూరు వైపు వాళ్లకు అవ్వ అంటే నాయనమ్మో అమ్మమ్మో అనిపిస్తుందని సినిమా బృందంలో ఒకరు భయపడ్డారు. తెర మీద తల్లి కనబడుతూనే ఉంది, భయం అక్కర్లేదు. మన హనుమకొండ నుంచి వచ్చిన కాసర్ల శ్యామ్ గారు 'బలగం' సినిమాకు ఊరి మీద రాసిన పాటకు 71వ జాతీయ పురస్కారాల్లో ఉత్తమ గేయరచన బహుమతి వచ్చింది. ఇంటి మాటను బయటివాళ్ల కోసం సర్దిపెట్టే కాలం పోయింది. అయితే దీనికి ఇంకో కొస కూడా ఉంది. ప్రతి చకారాన్నీ సకారం చేసి, ప్రతి మాట చివరా దీర్ఘం తీసి యాసను మోతెక్కిస్తే అది వేషం అవుతుంది. కొలత ఏమిటంటే, పాటలోని పంక్తిని ఆ వయసు పిల్లతో మామూలుగా అనిపించి చూడాలి. పాడే అమ్మాయిది పరకాల దిక్కు. "జీరొ టికెటు చేతికిచ్చె" అని నేను రాసిన దాన్ని ఆమె "శేతికిచ్చె" అని పాడబోయి, తనే ఆగి, "మేమిట్ల అనం సార్, మా అమ్మమ్మ అంటది" అన్నది. చదువుకుంటున్న పిల్ల పాట ఇది, అమ్మమ్మ నోటి తీరు ఆమెకు అతకదు. "చేతి" అలాగే ఉంచాం. "సెల్లె"ను మాత్రం ఆమే ఉంచమన్నది, ఇంట్లో అలాగే పిలుస్తదట.

ఇక చివరి పల్లవి. రెండో చరణం అయ్యేసరికి ఆమె పట్నంలో ఉంది. ఇప్పుడు "పోయి వస్తనవ్వ నే" అని పాడితే అర్థం పాతబడింది. ఆమె వెళ్లిపోయింది. దాదాపు నూటయాభై కిలోమీటర్ల అవతల నిలబడి అదే పంక్తి ఎలా పాడుతుంది? సినిమా పాటల్లో చివర పల్లవిని అచ్చంగా అలాగే పాడి ముగించడం అలవాటు. ఒకసారి అలాగే పాడించాం, ఫోన్‌లో పాత మాట గుర్తొచ్చినట్టు. రెండోసారికి మొదటి పంక్తిలో రెండు మాటలు తారుమారు చేశాను.

వచ్చి పోతనవ్వ నే
పొద్దుగాల బస్సుకే
గొళ్ళెమెయ్యకవ్వ నువ్వు
గునుగు పూల నాటికే

మాత్రలు అవే. వచ్చి, పోత, నవ్వ, నే. తక్కిన మూడు పంక్తుల్లో ఒక్క అక్షరం కదల్లేదు. గునుగు పూసింది, పొద్దుగాల బస్సు ఈసారి అటునుంచి ఇటు వస్తుంది, గొళ్ళెం వెయ్యొద్దని అడగడమూ సరిపోయింది. కానీ బయలుదేరిన రోజు ఆమె పోయి వచ్చే మనిషి. ఇప్పుడు వచ్చి పోయే మనిషి. అంటే చుట్టం. అప్పగింత లేకుండానే పిల్ల ఇంటికి చుట్టమైంది.

దర్శకుడు దీన్ని ఒప్పుకోలేదు. "పిల్ల నోటితో ఈ మాట అనిపిస్తే తల్లికి బాధ కదా సార్" అన్నాడు. సంగీతం చేసిన అబ్బాయికి వేరే బెంగ, రెండు మాటలు మారిన సంగతి జనం చెవికి ఆనుతుందా అని. అతని బెంగకు మందు ఉంది. ఆ ఒక్క పంక్తికి డప్పు ఆపేసి వట్టి గొంతు ఉంచాడు. దర్శకుడికి మాత్రం నేను జవాబు చెప్పలేదు. పాడే అమ్మాయి చెప్పింది. పండుగకు సంచి దించగానే వాళ్లమ్మ మంచినీళ్లు ఇస్తూ మొదట అడిగేది "ఎన్ని దినాలుంటవ్ బిడ్డా" అనేనట.

దర్శకుడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత పెన్ను అడిగి తీసుకుని, పాట అయిపోయాక వచ్చే సీనులో తల్లికి ఉన్న నాలుగు డైలాగులు కొట్టేసి ఆ ఒక్క మాట రాసుకున్నాడు. పాటలో ఏ పంక్తీ మార్చమని మళ్లీ అడగలేదు.